సిరప్ సీసా కంటే ముందు కిడ్నీ రిపోర్టు

మందుల షాపుకెళ్లి "మూడు రోజులుగా మోషన్ సరిగా అవడం లేదండీ, ఏదైనా సిరప్ ఇవ్వండి" అని అడిగితే తరచుగా రెండింటిలో ఒకటి చేతికొస్తుంది. ఒకటి మెగ్నీషియం ఉన్న సిరప్. పాలలా తెల్లగానో, రంగూ రుచీ కలిపితే లేత గులాబీగానో ఉంటుంది. రెండోది లాక్టులోజ్. చిక్కగా, జిగురుగా, బాగా తియ్యగా ఉంటుంది. చాలాచోట్ల ఈ రెండింటికీ డాక్టరు చీటీ అడగరు. ఒకటి లేకపోతే రెండోది ఇచ్చేస్తారు, కొన్నవాళ్లూ తేడా పట్టించుకోరు. పొద్దున్నకు కడుపు ఖాళీ అయితే చాలు.

పైకి చూస్తే రెండూ చేసే పని ఒకటే. పేగులోకి నీటిని రప్పించి, గట్టిపడిన మలాన్ని మెత్తబరుస్తాయి. పేగును పిండినట్టు బలవంతంగా కదిలించే మందులు వేరే ఉన్నాయి, ఇవి ఆ కోవకు చెందవు. అయితే నీటిని రప్పించాక ఈ రెండు మందులూ ఎక్కడికి పోతాయన్నది మాత్రం ఒకటి కాదు. మెగ్నీషియంలో కొంత భాగం పేగు గోడ దాటి రక్తంలో చేరుతుంది. అలా చేరినదాన్ని బయటికి పంపగలిగేది కిడ్నీ ఒక్కటే. లాక్టులోజ్ రక్తంలోకి దాదాపుగా వెళ్లదు, పేగులోనే దాని కథ ముగుస్తుంది. ఎవరికి ఏది ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అనే ప్రశ్నలో సగానికి పైగా జవాబు ఈ ఒక్క తేడాలోనే ఉంది.

మెగ్నీషియం శరీరానికి కొత్త వస్తువేమీ కాదు. కండరాలు, నరాలు, గుండె పనిచేయడానికి అది కావాలి. గింజలు, పప్పులు, ఆకుకూరలు, ముడిధాన్యాల నుంచి రోజూ మనకు అందుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు మగవారికి 440 మి.గ్రా., ఆడవారికి 370 మి.గ్రా. మెగ్నీషియం కావాలి. మలబద్ధకానికి వాడే మోతాదు ఈ అవసరం లెక్కలోది కాదు. పేగు పీల్చుకోగలిగినదానికన్నా ఎక్కువ మెగ్నీషియం ఒకేసారి లోపలికి పంపితే, మిగిలిపోయినది పేగులోనే ఉండి నీటిని తనవైపు లాక్కుంటుంది. మందు పనిచేయడమంటే అదే. అంటే ఆ మోతాదు కావాలనే అవసరానికి మించి ఇచ్చేది.

ఎంత మించి ఇస్తున్నామో ఒకసారి చూద్దాం. మామూలు మిల్క్ ఆఫ్ మెగ్నీషియా సీసా మీద 5 మి.లీ.కి 400 మి.గ్రా. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అని రాసి ఉంటుంది. పెద్దవాళ్లకు రాత్రి పడుకునే ముందు 30 మి.లీ. తీసుకోవడం వాడుకలో ఉన్న మోతాదు. అంటే 2,400 మి.గ్రా. హైడ్రాక్సైడ్. ఆ బరువంతా మెగ్నీషియమే కాదు, అందులో అసలు మెగ్నీషియం వెయ్యి మి.గ్రా. వరకు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు తిండి కాకుండా మందుల రూపంలో రోజూ తీసుకునే మెగ్నీషియం 350 మి.గ్రా. మించకూడదని అమెరికా పోషకాహార నిపుణులు హద్దు పెట్టారు. అది విరేచనాలు పట్టుకోకుండా ఉండేందుకు పెట్టిన హద్దు కాబట్టి, ఒకటి రెండు రోజులు విరేచనం కోసమే దాన్ని దాటితే ప్రమాదం లేదు, కిడ్నీలు బాగున్నంతవరకు. ఆరోగ్యమైన కిడ్నీ అదనంగా వచ్చిన మెగ్నీషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. చిక్కు రెండు చోట్ల మొదలవుతుంది. ఒకటి, కిడ్నీ ఆ పని చేయలేని స్థితిలో ఉండటం. రెండోది, ఒకటి రెండు రోజుల మందు నెలల తరబడి అలవాటైపోవడం.

ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కలుస్తాయో చూడటానికి ఒక పెద్దావిడను ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర పల్లె అనుకుందాం. ఆ ప్రాంతాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలున్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసమే 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడి జబ్బు స్వభావమేమిటంటే, షుగరు గానీ పెద్దగా బీపీ గానీ లేని మనిషిలోనూ అది నెమ్మదిగా ముదురుతుంది. కాళ్ల వాపు లాంటి సూచనలు కనిపించేసరికే చాలా ఆలస్యం అయి ఉంటుంది. తనకు కిడ్నీ జబ్బుందని తెలియని మనిషే మెగ్నీషియం విషయంలో అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

మనం ఊహించుకున్న ఆవిడకు 72 ఏళ్లు. సన్నటి మనిషి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటుంది. రక్తం తక్కువగా ఉందని ఐరన్, ఎముకల కోసం కాల్షియం మాత్రలు ఎవరో రాసిచ్చారు. ఐరన్, కాల్షియం రెండూ మలబద్ధకం తెచ్చేవే. దానికి రాత్రి పూట మిల్క్ ఆఫ్ మెగ్నీషియా 30 మి.లీ. మొదలైంది. నొప్పి మాత్రలతో కడుపులో మంట పుట్టింది కాబట్టి పూటకు రెండు చెంచాల చొప్పున రెండు పూటలా యాంటాసిడ్ జెల్. రాత్రుళ్లు పిక్కలు పట్టేస్తున్నాయంటే హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో 250 మి.గ్రా. మెగ్నీషియం మాత్రలు తెప్పించాడు. ఎవరూ ఏ తప్పూ చేస్తున్నట్టు కనిపించదు. ప్రతి మందుకూ ఒక కారణం ఉంది.

ఇప్పుడు కూడి చూడండి. సిరప్‌లో వెయ్యి మి.గ్రా. మెగ్నీషియం. యాంటాసిడ్ జెల్‌లలో చాలావాటిలో అల్యూమినియంతోపాటు మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. 5 మి.లీ.కి 200 మి.గ్రా. చొప్పున రోజుకు 20 మి.లీ. తాగితే అందులో మెగ్నీషియం 330 మి.గ్రా. దాకా అవుతుంది. మాత్రలో ఇంకో 250. మొత్తం 1,600 మి.గ్రా.కు దగ్గర. తిండిలో వచ్చేది ఇందులో కలపలేదు. ఇందులో రక్తంలోకి చేరేది కొంత భాగమే, నిజమే. కానీ రోజూ చేరుతుంది.

ఆవిడకు ఆరు నెలల కిందట చేయించిన రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 ఉంది. రిపోర్టు చూసినవాళ్లు "కొంచెమే ఎక్కువుంది, వయసు కదా" అనుకుని పక్కన పెట్టారు. క్రియాటినిన్ అనేది కండరాల నుంచి పుట్టేది. కండ తక్కువున్న ముసలావిడలో అది 1.4 ఉండటం, కండబలం ఉన్న 30 ఏళ్ల కుర్రవాడిలో 1.4 ఉండటం ఒకటి కాదు. వయసు, ఆడా మగా చూసి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె అందుకే కావాలి. 72 ఏళ్ల ఆడమనిషిలో క్రియాటినిన్ 1.4 అంటే ఈజీఎఫ్‌ఆర్ దాదాపు 40. కిడ్నీలు సగం కన్నా తక్కువ పనిచేస్తున్నాయన్నమాట. ఇప్పుడు చాలా ల్యాబులు ఈ అంకెను రిపోర్టులోనే వేస్తున్నాయి. వేయకపోతే అడిగి రాయించుకోవచ్చు.

40 దగ్గర ఉన్నంతసేపు ఆ కిడ్నీలు ఎలాగో మెగ్నీషియాన్ని బయటికి పంపుతూనే ఉంటాయి. ఇంతలో మే నెల వస్తుంది. రెండు రోజులు జ్వరం, వాంతులు. నీళ్లు సరిగా తాగలేదు. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ మానలేదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఈజీఎఫ్‌ఆర్ 40 నుంచి 20కి జారుతుంది. తినక, తాగక మోషన్ ఎలాగూ కాదు. "అత్తయ్యకి నాలుగు రోజులుగా మోషన్ లేదు" అని కోడలు సిరప్ మోతాదు పెంచి ఇస్తుంది. కదలని పేగులో ఆ మెగ్నీషియం అలాగే నిలిచి ఉంటుంది. నిలిచి ఉన్నకొద్దీ రక్తంలోకి చేరేది పెరుగుతుంది. మలబద్ధకం ఎంత ముదిరితే మెగ్నీషియం అంత ప్రమాదకరం అన్నమాట. మందు పనిచేయలేదని ఇంకో మోతాదు వేయడం మామూలుగా అందరికీ తోచే పనే, ఇక్కడ అదే పొరపాటు.

తర్వాత కనిపించేవి చూసి ఎవరికీ సిరప్ మీద అనుమానం రాదు. మొదట వికారం, ముఖం వెచ్చగా ఎర్రబారడం. తర్వాత మగత. పిలిస్తే పలికి మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. కాళ్లూ చేతులూ బలం లేనట్టు అయిపోతాయి. బీపీ పడిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు, పక్షవాతం అనుకుంటారు, వయసు అనుకుంటారు. ఆస్పత్రికి తీసుకెళ్తే షుగరు చూస్తారు, సోడియం, పొటాషియం చూస్తారు. ఈ మామూలు పరీక్షల జాబితాలో చాలాచోట్ల మెగ్నీషియం ఉండదు. దాన్ని విడిగా అడిగి చేయించాలి. అందుకే నా మాట ఒకటే. పెద్దవాళ్లను మగతతో ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు మాత్రల చీటీతోపాటు ఇంట్లో ఉన్న సిరప్ సీసాలు, యాంటాసిడ్ జెల్, ఆన్‌లైన్‌లో కొన్న డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. "ఇవి మందులు కావులే" అని ఇంట్లో వదిలేసినవే ఒక్కోసారి అసలు కారణం అవుతాయి.

రక్తంలో మెగ్నీషియం మామూలుగా డెసిలీటరుకు 1.7 నుంచి 2.4 మి.గ్రా. మధ్య ఉంటుంది. 5 దాటాక మగత, కండరాల బలహీనత మొదలవుతాయి. ఇంకా పెరిగితే బీపీ, గుండె లయ దెబ్బతింటాయి. 12 దాటితే ఊపిరి తీసే కండరాలు ఆగిపోయే ప్రమాదం ఉంది, గుండె కూడా. దీన్ని గుర్తుపట్టే పాత పద్ధతి ప్రసూతి వార్డుల్లో ఇప్పటికీ నడుస్తోంది. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చినంతసేపూ నర్సు చిన్న సుత్తితో మోకాలి కింద తట్టి కాలు ఎగురుతోందా లేదా చూస్తుంది, శ్వాస లెక్కపెడుతుంది, మూత్రం ఎంత వస్తోందో కొలుస్తుంది. కాలు ఎగరడం ఆగిందంటే మెగ్నీషియం ఎక్కువైందని అర్థం, ఇంజెక్షన్ ఆపేస్తారు. వార్డులో ఇంత కాపలా మధ్య ఇచ్చే లవణం, ఇంట్లో నోటి ద్వారా ఏ కాపలా లేకుండా నెలల తరబడి లోపలికి వెళ్తోంది. నోటి ద్వారా వెళ్లేది రక్తంలో చేరేది తక్కువే అయినా, బయటికి పోయే దారి మూసుకుపోతే ఆ తేడా చెరిగిపోతుంది.

సకాలంలో కనిపెడితే వైద్యం ఉంది. మెగ్నీషియం ఉన్నవన్నీ ఆపేస్తారు. గుండెను కాపాడటానికి కాల్షియం గ్లూకోనేట్ నరానికి ఇస్తారు. సెలైన్ ఎక్కిస్తారు. పేగులో ఇంకా మిగిలిన మందును ఎనీమాతో బయటికి తీస్తారు. కిడ్నీ సహకరించకపోతే డయాలసిస్ చేసి రక్తాన్ని శుభ్రం చేస్తారు.

జపాన్ నేర్చుకున్న పాఠం

ఇదంతా అరుదైన సంగతే కదా అనిపించవచ్చు. ఆరోగ్యవంతుల్లో అరుదే. కానీ మెగ్నీషియాన్ని చాలామంది వృద్ధులు ఏళ్ల తరబడి వాడే సమాజంలో ఏం జరుగుతుందో జపాన్ చూపించింది. అక్కడ మలబద్ధకానికి డాక్టర్లు ఎక్కువగా రాసే మందుల్లో మెగ్నీషియం ఆక్సైడ్ ముఖ్యమైనది. చవక, పాతది, సురక్షితమని పేరు. 2005 నుంచి 2008 వరకు అక్కడ దీనివల్ల రక్తంలో మెగ్నీషియం ప్రమాదకరంగా పెరిగిన 15 కేసులు ఆరోగ్య శాఖ దృష్టికి వచ్చాయి. ఇద్దరు చనిపోయారు. 2008లో ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. దీర్ఘకాలం వాడేవాళ్లకు అప్పుడప్పుడు రక్తంలో మెగ్నీషియం చూడాలని చెప్పింది. 2015లో ఆ హెచ్చరికను మళ్లీ గట్టిచేసింది. వృద్ధులకు వీలైనంత తక్కువ మోతాదే ఇవ్వాలని, వాంతి, మగత, నాడి నెమ్మదించడం, బలహీనత కనిపిస్తే వెంటనే ఆపి రమ్మని రోగులకు చెప్పాలని రాయించింది. అంతగా వాడుతున్న దేశం మందును నిషేధించలేదు. ఎలా వాడాలో మార్చింది. మనమూ నేర్చుకోవాల్సింది అదేనని నా నమ్మకం.

మెగ్నీషియానికి మలబద్ధకం మందుగా తగిన చోటు ఉంది. అమెరికాలోని రెండు పెద్ద జీర్ణకోశ వైద్య సంఘాలు 2023లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో మెగ్నీషియం ఆక్సైడ్‌ను దీర్ఘకాల మలబద్ధకానికి వాడవచ్చని చెప్పాయి, రోజుకు 400 నుంచి 500 మి.గ్రా.తో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచమన్నాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు వద్దన్నాయి. గమనించండి, ఆక్సైడ్ 400 మి.గ్రా.లో అసలు మెగ్నీషియం 240 మి.గ్రా.నే. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె ఒక్కోసారి లవణం మొత్తం బరువు, ఒక్కోసారి మెగ్నీషియం బరువు. 'ఎలిమెంటల్' అని చిన్న అక్షరాల్లో రాసినదే అసలు లెక్క. మెగ్నీషియం సిట్రేట్‌లో అయితే బరువులో ఆరో వంతే మెగ్నీషియం ఉంటుంది. నిద్ర కోసం, పిక్కల కోసం ఇప్పుడు బాగా అమ్ముడవుతున్న గ్లైసినేట్ పేగులోకి నీటిని అంతగా రప్పించదు కాబట్టి మలబద్ధకానికి పెద్దగా పనికిరాదు. కానీ కిడ్నీ మీద పడే బరువు లెక్కలో దాన్నీ కలుపుకోవాల్సిందే.

కాబట్టి మెగ్నీషియం ఎవరికి వద్దు? ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తక్కువున్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు అసలు వద్దు. 30కీ 60కీ మధ్య ఉన్నవాళ్లు డాక్టరు చెప్తేనే, కొద్ది రోజులకే, రక్తపరీక్ష కనిపెట్టుకుంటూ వాడాలి. గుండెలో విద్యుత్ ప్రవాహం అడ్డుపడే హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లకు వద్దు. మయస్తీనియా గ్రేవిస్ అనే కండరాల జబ్బున్నవాళ్లకు వద్దు, మెగ్నీషియం ఆ బలహీనతను ఇంకా పెంచుతుంది. చిన్నపిల్లలకు డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. మంచం పట్టిన వృద్ధులకు ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గర దొరికే కొన్ని సిరప్‌లలో మిల్క్ ఆఫ్ మెగ్నీషియాతోపాటు లిక్విడ్ పారఫిన్ అనే నూనె కలుపుతారు. మింగడం కష్టంగా ఉన్నవాళ్లకు, పడుకోబెట్టి తాగించేవాళ్లకు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి నిమ్ము తెచ్చే ప్రమాదం ఉంది.

లాక్టులోజ్ సంగతి

పైన చెప్పిన పెద్దావిడకు మలబద్ధకం నిజమే. దానికి మందు కావాలి కూడా. కిడ్నీ జబ్బున్నవాళ్లలో మలబద్ధకం ఎక్కువ. నీళ్లు కొలిచి తాగమంటారు, పొటాషియం పెరుగుతుందని కొన్ని పళ్లూ కూరలూ తగ్గించమంటారు, వేసుకునే మాత్రలు కొన్ని పేగును గట్టిచేస్తాయి. ఇలాంటివాళ్లకు డాక్టర్లు తరచుగా రాసేది లాక్టులోజ్.

ఇది గాలక్టోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలను కలిపి తయారుచేసిన కృత్రిమ చక్కెర. దాన్ని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. అందువల్ల జీర్ణం కాకుండా నేరుగా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. పేగు కొద్దిగా ఆమ్లత్వం పొందుతుంది, నీరు చేరుతుంది, మలం మెత్తబడుతుంది. ఇడ్లీ పిండి పులిస్తే పొంగినట్టే ఇక్కడా గ్యాస్ పుడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు కడుపు ఉబ్బరం, గడబిడ ఉండటానికి కారణం అదే. చాలామందిలో అది తర్వాత తగ్గుతుంది.

ఈ వివరం తెలియకే లాక్టులోజ్ విషయంలో ఎక్కువ తప్పులు జరుగుతాయి. చిన్నపేగు దాటి, పులిసి, పనిచేయడానికి దానికి ఒకటి నుంచి రెండు రోజులు పడుతుంది. రాత్రి తాగి పొద్దున్నే మోషన్ కాలేదని మధ్యాహ్నం ఇంకోసారి, రాత్రి రెట్టింపు తాగుతారు. మూడో రోజుకు అన్నీ కలిసి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా నీటి మాత్రలు వేసుకునేవాళ్లలో, అలా నీరు, పొటాషియం పోవడం చిన్న విషయం కాదు. నీరు పోతే కిడ్నీ మళ్లీ దెబ్బతింటుంది.

సరైన పద్ధతి ఓపికతో కూడినది. మన దగ్గర దొరికే సిరప్ సాధారణంగా 15 మి.లీ.లో 10 గ్రాముల లాక్టులోజ్ ఉండేలా తయారవుతుంది. పెద్దవాళ్లు రోజుకు 15 మి.లీ.తో మొదలుపెట్టొచ్చు. సీసాతో ఇచ్చే కొలత మూతతోనే కొలవాలి, వంటింటి గరిటెతో కాదు. నీళ్లలోనో మజ్జిగలోనో కలుపుకోవచ్చు, తీపి వెగటుగా అనిపించేవాళ్లకు అది సుఖం. కనీసం రెండు రోజులు అదే మోతాదు. అప్పటికీ మోషన్ గట్టిగానే ఉంటే 30 మి.లీ. చేయాలి. మళ్లీ రెండు రోజులు ఆగి చూడాలి. రోజుకు 60 మి.లీ. దాటాల్సి వస్తే ఇక మందు పెంచడం మాని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. రోజూ కావాలనే పట్టుదల అక్కర్లేదు, ముక్కకుండా మెత్తగా అయితే రోజు విడిచి రోజైనా చాలు. నీళ్లలా అయితే మోతాదు సగానికి తగ్గించాలి.

మన ఆవిడకు డాక్టరు డైక్లోఫెనాక్ మాన్పించి, యాంటాసిడ్ జెల్, మెగ్నీషియం మాత్రలు ఆపించి, ఐరన్ మాత్రను ఇంకో రకానికి మార్చి, రాత్రి పూట 15 మి.లీ. లాక్టులోజ్ రాశారనుకుందాం. "మామ్మగారూ, మొదటి నాలుగు రోజులు కడుపు ఉబ్బినట్టుంటుంది, భయపడకండి. తగ్గకపోతేనో, నీళ్ల విరేచనాలైతేనో నాకు చెప్పండి" అని ముందే చెప్పడం మందులో సగం. ఉబ్బరం సంగతి ముందుగా చెప్పకపోవడం వల్లే చాలామంది మూడో రోజుకు సీసా పక్కన పెట్టేసి, పాత తెల్ల సిరప్‌కు తిరిగి వెళ్తారు.

తియ్యగా ఉంది కాబట్టి షుగరు పెరుగుతుందేమోనని చాలామంది అడుగుతారు. లాక్టులోజ్ ఒంటికి పట్టదు. కానీ తయారీలో మిగిలిపోయిన గాలక్టోజ్, లాక్టోజ్ లాంటి చక్కెరలు 15 మి.లీ.లో నాలుగు గ్రాముల వరకు ఉండొచ్చు. మలబద్ధకానికి వాడే మోతాదులో షుగరు రోగులకు ఇది సాధారణంగా ఇబ్బంది పెట్టదు. ఎక్కువ మోతాదు వాడాల్సివస్తే షుగరు చూసుకుంటూ ఉండాలి. ఈ మిగులు గాలక్టోజ్ వల్లే గాలక్టోసీమియా అనే పుట్టుకతో వచ్చే జబ్బున్న పిల్లలకు లాక్టులోజ్ ఒక్క చుక్క కూడా ఇవ్వకూడదు. పాలు పడనివాళ్లకు ఉబ్బరం ఎక్కువగా ఉండొచ్చు, వాళ్లు ఇంకా తక్కువతో మొదలుపెట్టాలి. ఐరన్ మాత్రలతో మలబద్ధకం వచ్చిన గర్భిణులకు కూడా డాక్టర్లు లాక్టులోజ్ ఇస్తారు, రక్తంలోకి దాదాపుగా చేరదు కాబట్టే.

లాక్టులోజ్‌ను పూర్తిగా వేరే కారణానికి వాడేవాళ్లు ఉన్నారు. లివర్ గట్టిపడిపోయే సిరోసిస్ జబ్బులో, లివర్ శుభ్రం చేయలేని అమ్మోనియా మెదడుకు చేరి మతి తప్పుతుంది. పేగును ఆమ్లంగా మార్చి ఆ అమ్మోనియాను మలంలో పట్టి ఉంచడానికి లాక్టులోజ్ ఇస్తారు. అక్కడ మోతాదు చాలా ఎక్కువ, రోజుకు రెండు మూడు మెత్తటి మోషన్లు అయ్యేలా. రోగి బాధపడుతున్నాడని, "రోజుకు మూడుసార్లు ఎందుకు, మలబద్ధకం లేదుగా" అని ఇంట్లోవాళ్లు ఆపేస్తే కొన్ని రోజుల్లోనే మాటలు తడబడటం, చేతులు వణకడం, పగలు నిద్ర మొదలవుతాయి. ఈ రోగుల విషయంలో ఆపడం, పెంచడం రెండూ డాక్టరుకే వదిలేయాలి. ఎక్కువై నీళ్ల విరేచనాలు అయినా మతి తప్పడం పెరుగుతుంది.

ఇంకో విషయం రోజూ కనిపించేది. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే వేసుకునేవాళ్లు మన ఇళ్లలో చాలామంది. మెగ్నీషియం ఆ మాత్రను పేగులోనే పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. రెండింటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. టీఎస్‌హెచ్ కారణం లేకుండా పెరిగిపోతుంటే మాత్ర మోతాదు పెంచే ముందు మెగ్నీషియం, కాల్షియం, ఐరన్ ఎప్పుడు వేసుకుంటున్నారో చూడాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కూ ఇదే ఇబ్బంది, జ్వరం తగ్గడం లేదంటే కొన్నిసార్లు ఇదే కారణం. యాంటీబయాటిక్ కోర్సు నడిచే వారం రోజులు మెగ్నీషియం మానేయడమే తేలిక. లాక్టులోజ్‌తో ఈ చిక్కు లేదు.

ఈ రెండు మందులకంటే ముందు వైద్య సంఘాలు గట్టిగా సూచించేది పాలీఎథిలిన్ గ్లైకాల్ పొడి. నీళ్లలో కలిపి తాగేది, ఉబ్బరం తక్కువ. లాక్టులోజ్ పడనివాళ్లు దాని గురించి డాక్టరును అడగొచ్చు.

ఏ సీసా అయినా తెరవకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మంచం మీద ఉన్న పెద్దవాళ్లకు బట్టల్లో కొద్దికొద్దిగా నీళ్ల విరేచనం అవుతుంటే అది విరేచనాలు కాకపోవచ్చు. కింద గట్టి ముద్ద అడ్డుపడి, దాని పక్కనుంచి నీరు కారుతుండొచ్చు. దానికి విరేచనాలు ఆపే మందు ఇస్తే హాని, పైనుంచి సిరప్ పోసినా ప్రయోజనం లేదు. నర్సో డాక్టరో ఎనీమాతోనో చేత్తోనో ఆ ముద్దను తీయాలి. 50 దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే సిరప్‌తో నెలలు గడపకుండా పెద్దపేగు పరీక్ష చేయించుకోవాలి. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయి, గ్యాస్ కూడా పోకుండా, వాంతులు అవుతుంటే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు మెగ్నీషియం అయినా లాక్టులోజ్ అయినా పేగును ఇంకా ఉబ్బిస్తుంది. ఆ మనిషికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, ఎంత రాత్రయినా, సర్జన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి.